పాట అడిగే రాగం

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద పాటతో పాటు రాగం పేరు ఉంటుంది. సాహిత్యం ఉంటుంది. స్వరం మాత్రం ఉండదు. ఏ అక్షరం ఏ స్వరం మీద నిలవాలో, ఎక్కడ పైకి వెళ్లాలో, ఎక్కడ దిగాలో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పరమపదించారు. ఆయన తరవాత కొడుకు పెద తిరుమలాచార్యులు ఈ పాటలను రేకులకెక్కించారు. తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండిపోయిన ఆ రేకులు ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూసి, పుస్తకాలుగా అచ్చయ్యాయి. పాట చేతికొచ్చింది గానీ వరస రాలేదు.

ఈనాడు మనం గుళ్లలో, కచేరీల్లో, ఇళ్లలో వింటున్న అన్నమయ్య వరసలు చాలావరకు మన కాలపు విద్వాంసులు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వందకు పైగా పాటలకు స్వరాలు కూర్చారు. నేదునూరి కృష్ణమూర్తి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. రేకు మీద రాగం పేరు ఉండగా వీళ్లకు ఇంకేం పని మిగిలిందని అడగవచ్చు. చాలా మిగిలింది. సామంతం, సాళంగనాట, దేసాళం, కొండమలహరి వంటి పేర్లు ఈనాటి కచేరీలో దాదాపు వినిపించవు. వినిపించే రాగాలకు కూడా ఇన్ని వందల ఏళ్లలో నడక మారింది. అందుకే వరస కట్టేవాళ్లు రేకు మీది పేరును గౌరవిస్తూనే, చాలాచోట్ల సాహిత్యాన్నే మళ్లీ అడగాల్సి వచ్చింది: నీకు ఏ రాగం కావాలి?

ఈ ప్రశ్న విద్వాంసులది మాత్రమే కాదు. ఊళ్లో భజన మండలి పెద్దాయన కొత్తగా రాసిన పాటకు వరస కట్టేటప్పుడూ, సంగీతం టీచరు పిల్లలకు ఒక పద్యాన్ని రాగంలో చెప్పేటప్పుడూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. సాధారణంగా దొరికే జవాబు ఒక పట్టిక: ఉదయానికి భూపాళం, శోకానికి ముఖారి, లాలికి నీలాంబరి, మంగళానికి సురటి లేదా మధ్యమావతి. పట్టిక అబద్ధం కాదు. కానీ అది రాగం గుమ్మం దాకానే తీసుకెళుతుంది. లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే స్వరాల దగ్గరకు వెళ్లాలి.

హార్మోనియం దగ్గర కూర్చుంటే ఇది ఎవరికైనా తేలిగ్గా తెలుస్తుంది. మొదటి తెల్ల మెట్టును షడ్జం అనుకోండి. అక్కడినుంచి స రి గ ప ద అని అయిదు తెల్ల మెట్లు, మధ్యమాన్నీ నిషాదాన్నీ వదిలేసి వాయిస్తే మోహన రాగం వస్తుంది. ఇప్పుడు గాంధారం ఒక్కదాన్ని ఎడమ పక్కనున్న నల్ల మెట్టు మీదకు దించండి. మిగతా నాలుగూ అలాగే ఉంచండి. శివరంజని వస్తుంది. మోహనలో దేవుణ్ణి కళ్లారా చూసిన సంబరం పలికితే, శివరంజనిలో అదే మాట దేవుడు కనబడడం లేదన్న బెంగలా వినిపిస్తుంది. మారింది ఒక్క మెట్టు. మోహనలోని అంతర గాంధారం షడ్జానికి దూరంగా, మధ్యమానికి దగ్గరగా ఉంటుంది. శివరంజనిలోని సాధారణ గాంధారం కిందికి వంగి రిషభం పక్కకు చేరుతుంది. చెవి ఆ వంగడాన్నే దిగులుగా తీసుకుంటుంది.

శివరంజని విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. తెలుగు సినిమాలు ఈ రాగాన్ని విషాద సన్నివేశాలకు ఎంతగా వాడాయంటే, భజనలో ఎత్తుకోగానే వినేవాళ్లకు దేవుడి కంటే ముందు ఏదో సినిమా గుర్తుకొస్తుంది. రాగభావంలో కొంత స్వరాల వల్ల వచ్చేదైతే, కొంత మనం విని విని అలవాటు చేసుకున్నది. నీలాంబరి వినగానే ఊయల గుర్తుకు రావడం తరతరాల అలవాటే. వరస కట్టేవాళ్లు రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక తెల్లవారుజాముకు వద్దాం. మేలుకొలుపు పాటలకు మన సంప్రదాయంలో భూపాళం, బౌళి రెండూ ఉన్నాయి. అన్నమయ్య మేలుకొలుపుల్లో బాగా పేరున్న ‘విన్నపాలు వినవలె’ను భూపాళంలో పాడడం వింటుంటాం. త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోని మేలుకొలుపు ‘మేలుకోవయ్య’ బౌళిలో ఉంది. రెండూ ఉదయ రాగాలే అయినప్పుడు ఎప్పుడు ఏది వాడాలి?

ఇక్కడ కూడా తేడా తెచ్చేది ఆ గాంధారమే. భూపాళంలో శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, పంచమం, శుద్ధ ధైవతం ఉంటాయి. బౌళి ఆరోహణలో గాంధారం తప్ప మిగతావన్నీ అవే. గాంధారం మాత్రం అంతరానికి ఎక్కుతుంది. దిగేటప్పుడు బౌళిలో నిషాదం కూడా తగులుతుంది. రెండింటిలోనూ మధ్యమం లేదు. రెండింటిలోనూ శుద్ధ రిషభం షడ్జానికి ఆనుకుని ఉంటుంది. షడ్జం మీద నిలిచిన గొంతు ఆ రిషభాన్ని తాకి మళ్లీ షడ్జానికి వస్తే పెద్ద కదలిక కనబడదు. ఇంకా పూర్తిగా లేవని మనిషి మెసిలినట్టు ఉంటుంది. హిందూస్థానీ సంగీతంలోనూ సంధ్యవేళ రాగాలకు ఈ దిగువ రిషభం, దిగువ ధైవతమే ఆధారం.

భూపాళంలో గాంధారం కూడా దిగువనే ఉండడం వల్ల రాగం మొత్తం కింది మెట్ల దగ్గరే మసకగా కదులుతుంది. ఇంకా చీకటి ఉంది, గుడి తలుపు వేసే ఉంది, భక్తుడు బయట నిలబడి మెల్లగా పిలుస్తున్నాడు. సాహిత్యం ఇలా ఉంటే భూపాళం సరిపోతుంది. బౌళిలో శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఒక పెద్ద అంగ ఉంది. మధ్యలో మెట్టు లేకుండా దిగువనుంచి ఒక్కసారి వెలుగులోకి వెళతాం. తెల్లవారింది, కోళ్లు కూశాయి, మునులు వచ్చి నిలబడ్డారు, లేవవయ్యా అని కాస్త హడావిడిగా చెప్పే పాటకు బౌళి నప్పుతుంది. తెల్లవారి కొంత పొద్దెక్కిందనిపించే పాటకు మలయమారుతం ఇంకా తేలికగా ఉంటుంది. అందులో ధైవతం కూడా పైకి లేచి చతుశ్రుతి అవుతుంది. అంటే ఉదయం అనే ఒక్క మాట కింద మూడు వేళలున్నాయి. సాహిత్యం ఏ వేళ గురించి మాట్లాడుతోందో చూడకుండా ‘ఉదయం పాట కదా’ అని భూపాళం ఎత్తుకుంటే, పక్షులూ పూలూ నిండిన పాట కూడా మసకబారిపోతుంది.

మేలుకొలుపులో ఎక్కువగా జరిగే తప్పు రాగం ఎంపికలో కాదు, గమకంలో. ఉదయ రాగంలో ప్రశాంతతను మోసేది పొడుగ్గా, కదలకుండా నిలిచే స్వరం. షడ్జం, పంచమం మీద గొంతు నిలకడగా ఆగాలి. నేర్చుకున్న సంగతులన్నీ మొదటి ఆవృతంలోనే చూపించాలన్న ఉత్సాహంతో ప్రతి అక్షరాన్నీ ఊపితే రాగం సరైనదే అయినా నిశ్శబ్దం పోతుంది. ఇంకో చిన్న సూక్ష్మం: మేలుకొలుపుల్లో సంబోధన చివర ‘ఓ’కారమో ‘ఆ’కారమో దీర్ఘంగా వస్తుంది. నిలిచే స్వరం ఆ దీర్ఘం మీదే పడాలి. హ్రస్వం మీద నిలిస్తే మాట సాగిపోయి అర్థం చెడుతుంది.

విరహానికీ ఆర్తికీ వచ్చేసరికి పట్టిక చాలా త్వరగా చేతులెత్తేస్తుంది. ముఖారినే తీసుకోండి. అది శోకరాగమని సంగీతం రానివాళ్లు కూడా చెబుతారు. ‘ముఖారి పెట్టకు’ అని ఏడుపుగొట్టు ముఖాన్ని తిట్టడానికి కూడా వాడతాం. కానీ త్యాగరాజస్వామి శబరి భాగ్యాన్ని ఎంతని వర్ణించను అని మురిసిపోయిన కీర్తన ముఖారిలోనే ఉంది. రాముడు అసలు ఎందుకు అవతారమెత్తాడని ఆశ్చర్యపోతూ అడిగే కీర్తన కూడా ముఖారే. ఈ రెండింటిలో ఏదీ శోకం కాదు. ఒకటి ఇంకొకరి అదృష్టం చూసి కరిగిపోవడం, రెండోది సమాధానం కూడా తనకు తెలిసిన ప్రశ్న.

అదెలా సాధ్యమైందో ముఖారి నిర్మాణంలో కనిపిస్తుంది. ముఖారి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎక్కేటప్పుడు స రి మ ప ని ద స అని వెళుతుంది. గాంధారం లేదు, ధైవతం చతుశ్రుతి, అంటే ఎగువది. దిగేటప్పుడు స ని ద ప మ గ రి స అని వస్తుంది. ఇక్కడ ధైవతం శుద్ధం, అంటే దిగువది, గాంధారం కూడా తోడవుతుంది. ఒకే రాగంలో పైకి వెళ్లినప్పుడు ఒక ధైవతం, కిందికి వచ్చినప్పుడు ఇంకొకటి. కన్నీళ్ల భావమంతా ఆ దిగే దారిలో, శుద్ధ ధైవతం నుంచి పంచమానికి జారే చోట ఉంది. ఎక్కే దారిలో ఒక ఎత్తు, ఒక ఉత్సాహం ఉన్నాయి. స్వరకర్త ఎక్కువసేపు ఎక్కే దారిలో ఉంచి, అప్పుడప్పుడు మాత్రమే దిగనిస్తే ఆనందబాష్పాలవుతాయి. దిగే దారిలోనే ఉంచి, చౌకకాలంలో నడిపిస్తే దుఃఖమవుతుంది. ‘ఈ పాటకు ముఖారి సరిపోతుందా’ అనే ప్రశ్న దగ్గర ఆగకూడదు. ‘ముఖారిలో ఏ సంచారం, ఏ కాలంలో’ అని అడిగితేనే పని మొదలవుతుంది.

ఇంకొక ఉదాహరణ భద్రాచల రామదాసుది. పలకడం లేదని రాముణ్ణి నిలదీసే ‘పలుకే బంగారమాయెనా’ను ఆనందభైరవిలో పాడుకుంటాం. ఆర్తి ఉన్న పాటే. కానీ ఆ ఆర్తిలో చనువు ఉంది, అలక ఉంది, ఇంట్లో మనిషితో మాట్లాడే తీరు ఉంది. ఆనందభైరవి మన పల్లెపదాల్లో, పెళ్లిపాటల్లో కూడా మెలిగిన రాగం. ఆ పెరటి పరిచయం వల్లే అందులో దేవుణ్ణి దెప్పిపొడిచినా మర్యాద తప్పినట్టు ఉండదు. అదే సాహిత్యాన్ని శుభపంతువరాళిలో పెడితే చనువు పోయి, తీరని వేదన మిగులుతుంది. విరహ గీతం చేతికి వచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే: ఈ భక్తుడు దేవుడికి ఎంత దగ్గరగా నిలబడి మాట్లాడుతున్నాడు?

శరణాగతిని కాస్త దగ్గరగా, ఒక పాటలో పెట్టి చూద్దాం. ఎవరి పాటో తీసుకోకుండా ఈ వ్యాసం కోసం రెండు పాదాలు రాశాను.

ఈ పడవ నీ రేవు చేరెనయ స్వామీ
తెడ్డు నీ చేతిలో పెట్టితిని తండ్రీ

రాగం కంటే ముందు మాటల నడక చూడాలి. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి చొప్పున లెక్కపెడితే ‘ఈ పడవ’ అయిదు, ‘నీ రేవు’ అయిదు, ‘చేరెనయ’ అయిదు, ‘స్వామీ’ నాలుగు. చివరి దీర్ఘాన్ని ఒక మాత్ర సాగనిస్తే అదీ అయిదే. రెండో పాదంలో ‘తెడ్డు నీ’, ‘చేతిలో’, ‘పెట్టితిని’ అయిదేసి, ‘తండ్రీ’ నాలుగూ, ఒక సాగదీతా. పాట తనంతట తానే ఖండచాపులో నడుస్తోంది. దీన్ని ఆదితాళంలోకి తోసేస్తే ‘పడవ’లో ‘వ’ ఒక దెబ్బ మీద, ‘నీ’ ఇంకో దెబ్బ మధ్యలో పడి మాటలు విరిగిపోతాయి. వరస బాగుండీ మాట అర్థం కాని భక్తిపాటల్లో చాలావాటికి రోగం ఇదే. తాళం మాటను విరిచింది, నింద రాగం మీద పడింది.

ఇప్పుడు రాగం. భావం శరణాగతి అని ఒక్క మాటలో అనేయకుండా పాదాలు ఏం చెబుతున్నాయో చూద్దాం. పడవ ఇప్పటికే రేవుకు చేరింది. తెడ్డు ఇప్పటికే చేతిలో పెట్టేశాడు. రెండు క్రియలూ అయిపోయినవే. కాపాడమన్న మాట ఎక్కడా లేదు. కాబట్టి శుభపంతువరాళి ఇక్కడ పనికిరాదు. అందులో దిగువ రిషభం, దిగువ గాంధారం ఒక పక్క, ప్రతిమధ్యమం ఇంకో పక్క ఎప్పుడూ లాగుతూ ఉంటాయి. పడవ నడి ఏట్లో మునుగుతున్నప్పుడు ఆ లాగుడు కావాలి. రేవు చేరాక కాదు.

మధ్యమావతి? స రి మ ప ని, అయిదే స్వరాలు, గాంధారమూ ధైవతమూ లేవు. కచేరీ చివర మంగళంగా పాడే రాగం. శాంతి నిండుగా ఉంది, కానీ ఇక్కడికి చేరిన మనిషి ఎంత అలసిపోయి వచ్చాడో అందులో అంతగా కనబడదు. రేవతి ఇంకొక దారి. మనిషి బతుకును నాటకంగా చూసే అన్నమయ్య పాటకు నేదునూరి రేవతిలో వరస కడితే, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో అది ఇంటింటికీ చేరింది. శుద్ధ రిషభంతో, గాంధార ధైవతాలు లేకుండా, వేదఘోషకు దగ్గరగా నడిచే ఆ రాగంలో వైరాగ్యం గొప్పగా పలుకుతుంది. కానీ మన పాదాల్లో ‘తండ్రీ’ అన్న పిలుపు ఉంది. ఇది లోకాన్ని వదిలేసిన మాట కాదు, ఒకరిని పట్టుకున్న మాట.

నేను శహనను ఎంచుకుంటాను. శహన హరికాంభోజి జన్యం. వంకర నడక రాగం: స రి గ మ ప మ ద ని స అని ఎక్కి, స ని ద ప మ గ మ రి గ రి స అని దిగుతుంది. నేరుగా ఎక్కడా దిగదు. గాంధారం దాకా వచ్చి, మళ్లీ మధ్యమాన్ని తాకి, అప్పుడు రిషభం మీద వాలుతుంది. తటపటాయించి ఒప్పుకునే తత్వం ఆ నడకలోనే ఉంది. త్యాగరాజస్వామి చివరి రోజుల్లో కొండ మీద రాముణ్ణి దర్శించి, తనను పది రోజుల్లో కాపాడతానన్న మాట విని పాడారని సంప్రదాయం చెప్పే ‘గిరిపై నెలకొన్న’ శహనలోనే ఉంది. శరణాగతికి ఈ రాగాన్ని తీసుకోవడానికి అంతకు మించిన ఆధారం నాకు అక్కర్లేదు.

మొదటి పాదం ఇలా కడదాం. ఒక్కో ముక్క అయిదు మాత్రలు, దీర్ఘ స్వరం రెండు మాత్రలు.

ఈ ప డ వ: పా మ గ మ
నీ రే వు: రీ గా రి
చే రె న య: సా ని స రి
స్వా మీ: గమ రీ,

పడవ పంచమం దగ్గర మొదలై శహన సొంత వంకలో దిగుతుంది. ‘నీ’ అన్న మాట రిషభం మీద పడింది. శహనకు ప్రాణం అక్కడే కాబట్టి ఎవరి రేవో చెప్పే మాటకు ఆ చోటు ఇచ్చాను. ‘చేరె’ సరిగ్గా షడ్జం మీద ఆగుతుంది. చేరడం అనే పని స్వరంలో కూడా జరగాలి. వెంటనే కింది నిషాదాన్ని తాకి తిరిగి లేవడంలో వచ్చినవాడి అలసట ఉంది. ‘స్వామీ’ మాత్రం షడ్జం మీద ముగియదు, రిషభం మీద నిలిచి ఉంటుంది. చెప్పాల్సింది ఇంకా ఉంది కదా.

రెండో పాదం:

తె డ్డు నీ: గా మ పా
చే తి లో: మా ద నీ
పె ట్టి తి ని: సా ని ద ప
తం డ్రీ: మగ మరీ

పల్లవి మొత్తంలో పై షడ్జం ఒక్కచోటే వస్తుంది, ‘పెట్టితిని’ అన్న క్రియ మీద. అంతదాకా ఎక్కుతూ వచ్చిన గొంతు, ఇచ్చేసిన క్షణం నుంచి ని ద ప అని దిగడం మొదలుపెడుతుంది. దాచుకున్నది చేజారనివ్వడం ఆ దిగుడులో వినబడాలి. ‘తండ్రీ’లో ‘తం’ ముక్కుతో పలికేది కాబట్టి మ గ అన్న చిన్న కదలికను హాయిగా మోస్తుంది. చివరి దీర్ఘం మళ్లీ రిషభం మీద.

ఇందులో తెలుగు పెట్టే పరీక్ష ఒకటుంది. ‘తెడ్డు’లో ‘తె’ హ్రస్వం. ద్విత్వం ముందు ఉంది కాబట్టి ఛందస్సులో గురువైనా, నాలుక ‘డ్’ దగ్గర ఆగిపోవాలి. గాంధారం మీద గమకం బాగుందని ‘తె’ను లాగితే ‘తేడ్డు’ అవుతుంది. అలాంటి మాట తెలుగులో లేదు. అందుకని ఆ రెండు మాత్రల్లో ఒకటిన్నర మాత్రే అచ్చు ఉండి, మిగతాది హల్లు బిగింపులోకి పోవాలి. ‘పెట్టితిని’ దగ్గర కూడా ఇదే. పై షడ్జం మీద గొంతు చూపించుకోవాలని ‘పె’ను సాగదీస్తే ‘పేట్టితిని’ అయి కూర్చుంటుంది. స్వరం కట్టాక ప్రతి ద్విత్వం దగ్గరా ఆగి, వ్యవహారంలో ఆ మాటను ఎలా అంటామో ఒకసారి పైకి అని చూసుకోవడం మంచిది.

శహన చెడిపోయే చోటు కూడా తెలుసుకోవాలి. ‘ఈ పడవ’ దగ్గర ప మ గ మ రి అనడానికి బదులు ప మ గ రి అని నేరుగా దిగిపోతే, ఆ రెండో మధ్యమం పోవడంతో రాగం కేదారగౌళ వైపు వెళ్లిపోతుంది. అదీ మంచి రాగమే, కానీ అందులో ఈ తటపటాయింపు లేదు. నేర్చుకునేవాళ్లు తొందరలో చేసే పొరపాటు ఇదే. కాలం పెంచినా ఇదే జరుగుతుంది. ఖండచాపు వేగం పెంచితే వంకలు పలకడానికి చోటుండదు, గొంతు దగ్గరి దారి పడుతుంది. పైగా వేగంగా నడిచే అయిదు మాత్రల నడకలో ఒక తుళ్లింత ఉంది. తెడ్డు అప్పగించినవాడు తుళ్లడు.

వరస కట్టాక అది సాహిత్యానికి కుదిరిందో లేదో చూడడానికి నేను రెండు పనులు చేస్తాను. మొదట మాటల్లేకుండా అకారంలో పాడి, పాట తెలియనివాళ్లకు వినిపించి, ఇందులో మనిషి ఏం చేస్తున్నాడనిపిస్తోందని అడుగుతాను. ‘శరణాగతి’ అని వాళ్లు చెప్పక్కర్లేదు. ఊరట, అలసట, ఒప్పుకోలు వంటి మాట వస్తే చాలు. ‘ఏడుస్తున్నాడు’ అంటే మళ్లీ మొదటికి. తరవాత అదే సాహిత్యాన్ని కావాలని మోహనలోనో, శుభపంతువరాళిలోనో పాడి చూస్తాను. అర్థంలో ఏ తేడా రాకపోతే లోపం నా శహనలో ఉన్నట్టు. అందులో రాగం పేరు మాత్రమే ఉంది, సంచారం లేదన్నమాట.

చరణాలు వచ్చేసరికి భావం మారుతుంది. పల్లవిలో రేవు చేరిన మనిషి, చరణంలో దాటి వచ్చిన సుడిగుండాలు చెప్పుకోవచ్చు. అక్కడ రాగం మార్చేయాలన్న కోరిక కలుగుతుంది. రాగమాలికలకు చోటుంది, కాదనను. కానీ చిన్న పాటలో అలా చేస్తే చరణం తరవాత పల్లవికి వచ్చినప్పుడు వేరే ఇంటికి వచ్చినట్టుంటుంది. దానికంటే శహనలోనే ఉండి స్థాయి మార్చడం మేలు. సుడిగుండాల చరణాన్ని మంద్ర నిషాదం, షడ్జం, రిషభాల మధ్య తిప్పుతూ మాట చెప్పినట్టు నడిపి, పల్లవి ఎత్తుగడలోని పంచమాన్ని చరణం చివరి దాకా అట్టేపెట్టి ఉంచితే, ‘ఈ పడవ’ మళ్లీ వచ్చినప్పుడు ఆ పంచమానికి బలం వస్తుంది.

మండలిలో పదిమంది కలిసి పాడే పాట అయితే శ్రుతి సంగతి ముందే చూసుకోవాలి. ఈ పల్లవికి కింద మంద్ర నిషాదం, పైన తారషడ్జం తగులుతాయి. ఆడవాళ్లకు అనుకూలమైన శ్రుతిలో పెడితే తారషడ్జం దగ్గర మగగొంతులు అరుస్తాయి, మగవాళ్ల శ్రుతిలో పెడితే కింది నిషాదం ఆడగొంతులకు వినబడదు. అందరూ కలిసి పాడక తప్పనప్పుడు శ్రుతిని ఒక మెట్టు దించి, కింది నిషాదం అందనివాళ్లను ‘చేరె’ దగ్గర షడ్జం మీదే నిలిచిపొమ్మనడం మంచిది. ‘పెట్టితిని’ మాత్రం ఒక్క గొంతూ అరవకుండా, అందరికీ అందే ఎత్తులో ఉండాలి.